54 స్లైడ్ల నుంచి ఒక్క కాగితం

చి. శైలజకు ఆశీస్సులు.

సెమినార్‌ కోసం నువ్వు పంపిన 54 స్లైడ్లూ చూశాను. పేజీకి ఆరేసి చొప్పున ప్రింటు తీసి పంచుతానన్నావు. ఆ పని చెయ్యకమ్మా. అక్షరాలు చిన్నవైపోవడం ఒకటే కాదు, అసలు చిక్కు వేరే ఉంది.

తెలుగు క్రియల్లో లింగభేదం గురించి నీ వాదనంతా ఒక పోలిక మీద నిలబడింది. ఏకవచనంలో ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ ఒక జట్టు, ‘అతను వచ్చాడు’ వేరు. బహువచనంలో ‘ఆడవాళ్ళు వచ్చారు’, ‘మగవాళ్ళు వచ్చారు’ ఒక జట్టయిపోయి ‘ఆవులు వచ్చాయి’ విడిపోతుంది. మొదటి గుంపు 11వ స్లైడులో ఉంది, రెండోది 19లో. రెండోది తెర మీదికి వచ్చేసరికి మొదటిది కనపడదు. తెర మారిపోయాక కూడా జనం మళ్ళీ చూసుకోవలసిన ఇలాంటివే కాగితం మీదికి రావాలి. ఒక్కసారి వింటే సరిపోయేవి నువ్వు నోటితో చెప్పు.

ఆ లెక్కన ద్రావిడ భాషల పరిచయం స్లైడ్లన్నీ మాటల్లోకి పోతాయి. ఒక్కో మాటా చేరుస్తూ పెరిగే అయిదు స్లైడ్లు కాగితం మీద ఒకే ఉదాహరణ. ఏకవచనం (1), బహువచనం (2), రెండూ ఒకే వైపు, ఒకదాని కింద ఒకటి. పోలిక కోసం కాగితం తిప్పాల్సి వస్తే అక్కడే వినడం ఆగిపోతుంది. వాటి కిందే (3)గా తమిళం పెట్టు: అతనికి వందాన్, ఆమెకు వందాళ్, ఆవుకు వందదు. అక్కడ ఏకవచనంలోనూ ఆమెకు వేరే రూపం ఉందని చూడగానే తెలుస్తుంది. తెలుగు రానివాళ్ళు కూడా వస్తారు కాబట్టి ప్రతి వాక్యం కింద మాటకు మాట అర్థం రాయి. స్లైడులో ఎర్రరంగు వేసిన ప్రత్యయాలు జిరాక్సులో మిగతా అక్షరాల్లో కలిసిపోతాయి, వాటికి కింద గీత గియ్యి.

నువ్వు మాట్లాడనిది కూడా ఒకటి కాగితం మీద ఉండాలి. ‘ఆవిడ వచ్చారు’ సంగతేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. అది గౌరవార్థంలో వాడిన బహువచన రూపం. (4)గా వేసి ఊరుకో, అడిగినప్పుడు చూపించవచ్చు.

నీ నిర్ధారణను మాత్రం అచ్చు వెయ్యొద్దంటాను. కాగితం చేతికి రాగానే అందరూ ముందు చివర చూస్తారు, ఆ తర్వాత నువ్వు అక్కడికి ఎలా చేరావో వినేవాళ్ళు తక్కువ. దాని బదులు ‘ఏకవచనంలో ఆమె ఏ జట్టు? బహువచనంలో?’ అని ప్రశ్న రాసి, నాలుగు వరుసల ఖాళీ వదులు. నువ్వు చెబుతుండగా వాళ్ళే రాసుకుంటారు.

స్లైడ్ల మీదా కాగితం మీదా ఉదాహరణల నంబర్లు ఒకటే ఉండాలి. చివరి నిమిషంలో ఒకటి తీసేస్తే రెండుచోట్లా మార్చు. ముందురోజు ప్రొజెక్టర్‌ లేకుండా కాగితం ఒక్కటే చేతిలో పెట్టుకుని ప్రసంగమంతా ఒకసారి చెప్పి చూడు. ఎక్కడ తెర వైపు చూడబోయావో అక్కడ కాగితంలో ఏదో తక్కువైందన్నమాట, అది చేర్చి అప్పుడు ప్రింటుకివ్వు.

మీ పెద్దత్త