కష్టపడి పనిచేసినా బరువు పెరగడం ఎందుకు?

"మేము బెంగళూరులో ఉంటాం. దుబాయ్‌లో లేబర్ క్యాంపులో ఉన్న మా తమ్ముడు రోజంతా కష్టపడుతున్నా ఆరు నెలల్లో ఐదు కిలోలు పెరిగాడు. ఎందుకు?"

పలువురికి ఒకే వంటగది కావడంతో వంతు వచ్చేసరికి రాత్రి పది దాటుతుంది; పగలంతా ఖుబూస్ అనే అరబ్ రొట్టెతో, శీతల పానీయాలతో సరిపెట్టుకున్నవారు అప్పుడు పళ్లెం నిండా అన్నం, కాస్త పచ్చడితో కడుపు నింపుకుని పడుకుంటారు. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజుకు రెండు తాగితే దాదాపు 280 కేలరీలు అదనంగా చేరతాయి, ఆకలి మాత్రం తీరదు. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది, ఇంటిమీద బెంగ చిరుతిళ్లవైపు లాగుతుంది. ముందుగా కోలా బదులు చక్కెర లేని లబన్, అంటే అక్కడ దొరికే మజ్జిగ, తాగమనండి; రైస్ కుక్కర్‌లో అన్నం ఉడికేటప్పుడే పైతట్టలో గుడ్లు, కూరగాయలు పెట్టుకోవచ్చు. ఇందుకు విరుద్ధంగా అతిదాహంతో, మాటిమాటికీ మూత్రంతో బరువు తగ్గుతుంటే మాత్రం దాన్ని బెంగగా కొట్టిపారేయక వెంటనే రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి.