ఫ్లాట్‌కు రెండు పేర్లుంటే సరిపోతుందా?

పోయిన శనివారం రెడింగ్ నుంచి ఒక జంట మా ఇంటికి టిఫిన్‌కి వచ్చారు. వాళ్లు మొదటి ఫ్లాట్ కొంటున్నారు. పెసరట్టు తింటూనే ఆ అమ్మాయి బ్యాగ్‌లోంచి సొలిసిటర్ పంపిన ఫారం తీసింది. "అక్కా, ఇందులో మూడు గళ్లున్నాయి. ఏది టిక్ చేయాలి? మీ మరిదిగారేమో మొదటిది కొట్టేయమంటున్నారు." అతను నవ్వి, "టెనెంట్స్ అని రాశారేంటండీ, మేం ఓనర్లం కదా" అన్నాడు.

ఇల్లు కొన్నవాళ్ల పేరు మీదికి మార్చే ఆ ఫారం పేరు TR1. అందులో పదో భాగంలో ఉన్న ఆ మూడు గళ్ల దగ్గర నేను కూడా పదహారేళ్ల క్రితం ఇలాగే ఆలోచించకుండా టిక్ కొట్టి సంతకం పెట్టాను. మా సొలిసిటర్ ఆఫీసులో ఒక్కరు కూడా దాని గురించి విడమర్చి చెప్పలేదు. ఈ-మెయిల్‌లో "సైన్ చేసి పంపండి" అన్న ఒక్క లైను మాత్రం వచ్చింది. కాబట్టి ఆ పిల్లలకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లాండ్‌లో చట్టం వేరు.

ముందు ఆ 'టెనెంట్' మాట సంగతి. ఇక్కడ అది అద్దెకున్నవాళ్ల గురించి కాదు. ఆస్తిని పట్టుకుని ఉన్నవాళ్లని పాత అర్థం. మొదటి గడి జాయింట్ టెనెంట్స్. అంటే ఇద్దరికీ విడివిడిగా వాటాలు లేవు, మొత్తం ఫ్లాట్ ఇద్దరిదీ. ఒకరు పోతే మిగిలినవాళ్లే మొత్తానికి యజమాని. వీలునామాలో ఏం రాసినా చెల్లదు, ఎందుకంటే రాసివ్వడానికి విడిగా వాటా అనేదే లేదు. రెండో గడి టెనెంట్స్ ఇన్ కామన్, చెరి సగం. ఇక్కడ ఎవరి సగం వాళ్లదే, పోయాక అది వాళ్ల వారసులకు వెళ్తుంది. మూడో గడిలో మీకు కావలసిన లెక్క మీరే రాసుకోవచ్చు. అరవై నలభై అనో, 'ముందు ఫలానావాళ్లు పెట్టిన డబ్బు తీసి, మిగిలింది చెరి సగం' అనో రాయొచ్చు. లెక్క పెద్దదైతే డిక్లరేషన్ ఆఫ్ ట్రస్ట్ అని విడిగా ఒక కాగితం రాయిస్తారు.

కాపురం బాగా సాగుతూ ఇద్దరిలో ఒకరు పోతే మొదటి గడి చాలా హాయి. మిగిలినవాళ్లు డెత్ సర్టిఫికెట్‌తో పాటు DJP అనే చిన్న ఫారం ల్యాండ్ రిజిస్ట్రీకి పంపితే పోయినవాళ్ల పేరు తీసేస్తారు. దానికి ఫీజు కూడా లేదు. లోన్ మాత్రం ఎక్కడికీ పోదు. ఇద్దరూ కలిసి తీసుకున్న లోన్ మొత్తానికి ఒక్కొక్కరూ పూర్తిగా బాధ్యులే కాబట్టి, ఇన్సూరెన్స్ లేకపోతే ఆ నెల కిస్తీ కూడా మిగిలినవాళ్ల నెత్తినే.

చిక్కంతా కాపురం చెడి, విడాకులు ఇంకా రాని ఆ మధ్యకాలంలో ఉంది. ఇక్కడ విడాకులకు అప్లై చేశాక ఇరవై వారాలు ఆగాలి, ఆ తర్వాత మరో ఆరు వారాలు. అంటే కనీసం ఆరు నెలలు. డబ్బు లెక్కలు తేలేదాకా ఫైనల్ ఆర్డర్ తీసుకోవద్దని లాయర్లు చెబుతారు కాబట్టి ఏడాది దాటడం మామూలే. ఆ ఏడాదంతా చట్టం దృష్టిలో మీరు భార్యాభర్తలే.

మాకు తెలిసిన ఒకావిడ ఆ మధ్యకాలంలోనే పోయింది. ఊరూ పేరూ ఎందుకులెండి. లెక్క మాత్రం చెబుతాను. ఫ్లాట్ 3,60,000 పౌండ్లకు కొన్నారు. లోన్ 2,70,000. డిపాజిట్ 90,000లో 60,000 ఆవిడ నాన్నగారు స్థలం అమ్మి పంపినవి. ఆ పెద్దాయన బ్యాంకు కోసం 'ఇది బహుమతి, ఇంటిలో నాకు హక్కేమీ లేదు' అని లెటర్ రాసి సంతకం పెట్టారు. ఆ లెటర్ లేకుండా లోన్ రాదు కాబట్టి మన పెద్దవాళ్లందరూ అలాగే పెడతారు. TR1లో మొదటి గడి టిక్. ఆరేళ్ల తర్వాత గొడవలు, విడాకుల అప్లికేషన్. ఐదో నెలలో ఆవిడకు మెదడులో రక్తస్రావం. రెండు రోజుల్లో అయిపోయింది. అప్పటికి ఫ్లాట్ ధర 4,20,000, మిగిలిన లోన్ 2,40,000. తేడా 1,80,000 పౌండ్లు మొత్తం భర్తకే వెళ్లింది. విడాకులకు అప్లై చేసినంత మాత్రాన మొదటి గడి దానంతటదే రద్దు కాదు. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

దాన్ని విడగొట్టడం నిజానికి చాలా సులువు. సెవరెన్స్ అంటారు. 'మన జాయింట్ టెనెన్సీని ఈ రోజుతో విడగొడుతున్నాను' అని రెండోవారికి రాతపూర్వకంగా నోటీసు ఇస్తే చాలు. వాళ్లు ఒప్పుకోనక్కర్లేదు, కారణం చెప్పనక్కర్లేదు. 1925 నాటి ఆస్తి చట్టంలో ఉన్న హక్కు ఇది. ఆ నోటీసు కాపీతో SEV ఫారం ల్యాండ్ రిజిస్ట్రీకి పంపితే, అక్కడ రికార్డులో ఒక షరతు ఎక్కుతుంది. దానికీ ఫీజు లేదు.

నోటీసు ఒకసారి అవతలివాళ్ల ఇంటికి చేరిందంటే వెనక్కి తీసుకోలేం. 1998లో ఇక్కడి కోర్టుకు వచ్చిన ఒక కేసు చూడండి. జబ్బుతో ఉన్న భార్య భర్తకు ఈ నోటీసు పోస్టులో పంపింది. ఉత్తరం వచ్చేలోపు భర్తకే గుండెపోటు వచ్చింది. ముందు పోయేది ఆయనేనేమో, అప్పుడు మొత్తం తనకే వస్తుంది కదా అని ఆవిడ గుమ్మంలో పడిన ఉత్తరం తీసి చించేసింది. ఆయన చదవనే లేదు. అయినా ఇంటికి చేరింది కాబట్టి నోటీసు చెల్లిందనే కోర్టు చెప్పింది.

ఇక సెవరెన్స్ ఒక్కటే చేసి ఊరుకుంటే ఏమవుతుందో చూడండి. మా పరిచయస్తురాలు నోటీసు ఇచ్చి ఉంటే, ఆవిడ వాటా సగం, అంటే 90,000. నాన్నగారి 60,000 విడిగా లెక్కకు రాదు. మొదటి గడిని విడగొడితే ఎవరెంత పెట్టినా వచ్చేది సగమే. పోనీ ఆ 90,000 అయినా ఆవిడ కొడుక్కి వెళ్లేదా? వీలునామా లేకపోతే అదీ వెళ్లదు. ఇక్కడ వీలునామా లేకుండా పోతే, 2023 జూలై 26 నుంచి ఉన్న రూలు ప్రకారం మొదటి 3,22,000 పౌండ్లు బతికున్న భార్యకో భర్తకో వెళ్తాయి. పిల్లల వంతు ఆ తర్వాతే. విడాకుల ఫైనల్ ఆర్డర్ రాలేదు కాబట్టి ఆయన ఇంకా భర్తే. ఆవిడకున్న ఆస్తి మొత్తం కలిపినా అంత లేదు. కాబట్టి ముందు గుమ్మంలోంచి వెళ్లకుండా ఆపిన డబ్బు వెనక గుమ్మంలోంచి ఆయన దగ్గరికే చేరేది. నోటీసు, వీలునామా రెండూ ఒకే వారంలో జరగాలి. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, వాటా కొడుక్కి, తనకు నమ్మకమైనవాళ్లను ట్రస్టీలుగా పెట్టి రాసి ఉంటే 90,000 ఆ పిల్లాడి పేరు మీద ఉండేది. మొదట్లోనే మూడో గడిలో 'ముందు 60,000 ఆవిడకు' అని రాసి ఉంటే ఆవిడ వాటా లక్షా ఇరవై వేలు అయ్యేది.

ఇది విన్న రెడింగ్ అబ్బాయికి కొంచెం చిన్నబుచ్చుకున్నట్టయింది. "అంటే మూడో గడి టిక్ చేస్తే రేపు విడాకులైనా ఆ లెక్కేనా అండీ?" అన్నాడు. కాదు. విడాకుల్లో కోర్టు గడి ఒక్కటే చూడదు. 1973 చట్టం జడ్జికి ఎవరి ఆస్తినైనా ఎవరికైనా ఇచ్చే అధికారం ఇచ్చింది. ముందు మైనర్ పిల్లల బాగోగులు, తర్వాత ఎవరికి ఎంత అవసరం, ఎవరి సంపాదన ఎంత, పెళ్లయి ఎన్నేళ్లు అనేవి చూస్తారు. మీరు రాసుకున్న లెక్క కూడా చూస్తారు గానీ దానికి కట్టుబడి ఉండరు. పెళ్లయి రెండేళ్లే, పిల్లల్లేరు అంటే ఎవరి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నదానికి బలం ఎక్కువ. పదేళ్ల కాపురం, బడికెళ్లే పిల్లలు ఉంటే, పిల్లలు ఎవరి దగ్గరుంటారో వాళ్లకు ఇల్లు ముందు. చిన్నవాడికి పద్దెనిమిది వచ్చేదాకా అమ్మకం ఆపి, తర్వాత పంచుకోమని కూడా ఆర్డర్ ఇవ్వొచ్చు. కాబట్టి గడికి అసలు బలం చావు దగ్గర, విడాకుల దగ్గర సగం బలమే. ఇద్దరూ మాట్లాడుకుని పంచుకున్నా సరే, దాన్ని కన్సెంట్ ఆర్డర్‌గా కోర్టు ముద్ర వేయించుకోవాలి. అది లేకుండా వాట్సాప్‌లో రాసుకున్న ఒప్పందంతో విడిపోతే, ఏళ్ల తర్వాత కూడా అవతలివాళ్లు మళ్లీ కోర్టుకెళ్లొచ్చు.

ఇంటికి ఫోన్ చేసి అడిగితే మనవాళ్లు హైదరాబాద్ లెక్క చెబుతారు. అదిక్కడ పనికిరాదు. ఏ దేశంలో ఉన్న ఇల్లు ఆ దేశపు చట్టం కిందికే వస్తుంది. మియాపూర్‌లో ఇద్దరి పేరు మీదా చెరి సగం ఫ్లాట్ ఉండి, భర్త వీలునామా లేకుండా పోతే, ఆయన సగం ఒక్క భార్యకే రాదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, పిల్లలు, ఆయన తల్లి సమానంగా పంచుకుంటారు. ఇద్దరు పిల్లలుంటే తల్లికి ఆ సగంలో నాలుగో వంతు, అంటే మొత్తం ఫ్లాట్‌లో ఎనిమిదో వంతు. రెడింగ్ ఫ్లాట్‌లో అత్తగారికి పైసా రాదు, మియాపూర్ ఫ్లాట్‌లో అత్తగారి సంతకం లేకుండా అమ్మలేరు. రెండు చోట్లా ఆస్తి ఉన్నవాళ్లు రెండు వీలునామాలు రాసుకోవడం మంచిది. రెండోది రాసేటప్పుడు 'పాతవన్నీ రద్దు' అనే వాక్యం మొదటిదాన్ని కొట్టేయకుండా చూసుకోండి.

ఇప్పటికే కొనేసినవాళ్లు ఏ గడి టిక్ చేశారో గుర్తులేకపోతే ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఏడు పౌండ్లు కట్టి టైటిల్ రిజిస్టర్ దించుకోండి. యజమానుల పేర్లుండే బి భాగంలో `No disposition by a sole proprietor` అని మొదలయ్యే వాక్యం కోసం చూడండి. అది ఉంటే వాటాలు విడివిడిగా ఉన్నట్టు. లేకపోతే చాలావరకు మీరు మొదటి గడిలోనే ఉన్నారు.

ఆ సాయంత్రం మేమూ మాది దించి చూశాం. ఆ వాక్యం లేదు. మావారు అద్దాలు పైకి నెట్టుకుని, "అంటే నేను ముందు పోతే మొత్తం నీదే. ఉండనీ" అన్నారు. ఉండనిచ్చాం. వీలునామాలకు మాత్రం సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.