కువైట్ అడ్రసులో ఫర్వానియా అంటే ఏది?

ప్రశ్న: మా తమ్ముడు కువైట్‌లో ఉండేది జిలీబ్‌లో. కాగితంలో ఫర్వానియా అని ఉంది. ఏది నిజం?

రెండూ నిజమేనండి. కువైట్‌లో 6 గవర్నరేట్లున్నాయి, అరబ్బీలో ముహాఫజా అంటారు. మన జిల్లాలాంటివి అనుకోండి: రాజధాని (అల్ ఆసిమా), హవల్లీ, ఫర్వానియా, అహ్మదీ, జహ్రా, ముబారక్ అల్ కబీర్. జిలీబ్ అల్ షుయూఖ్ ఫర్వానియా గవర్నరేట్‌లోని ఒక ఏరియా.

చిక్కంతా ఎక్కడంటే, ఫర్వానియా అనే ఏరియా కూడా విడిగా ఉంది. మన కడప ఊరి పేరూ, జిల్లా పేరూ ఒకటే అయినట్టు. హవల్లీ, జహ్రా కూడా అంతే. అందుకే "ఫర్వానియా, బ్లాక్ 2" అని మాత్రమే చెబితే టాక్సీ ఆయన ఫర్వానియా ఏరియాకే తీసుకెళ్తాడు.

అడ్రసు ఈ వరుసలో చదవండి: ఫర్వానియా (గవర్నరేట్), జిలీబ్ (ఏరియా), బ్లాక్ 2 (అరబ్బీలో ఖిత్‌అ), వీధి (షారె), బిల్డింగు. వీధి నంబర్లు వేరే ఏరియాల్లోనూ వస్తాయి కాబట్టి ఏరియా, బ్లాక్ రెండూ తప్పనిసరి. బిల్డింగు మీదున్న పలకపై ఆటోమేటెడ్ నంబరు ఉంటే ఇంకా మంచిది. దాన్ని Kuwait Finder యాప్‌లో కొడితే ఆ చోటే చూపిస్తుంది.

బలదియా అంటే మునిసిపాలిటీ. కువైట్ మొత్తానికీ ఒకటే, కాబట్టి అడ్రసులో దాని పేరు వెతకక్కర్లేదు. దుబాయ్ కాగితాలు వేరు. యూఏఈలో 7 ఎమిరేట్లుంటాయి, అక్కడ అడ్రసులో చూడాల్సింది ఎమిరేట్ పేరు.