నెల మధ్యలో కుడివైపు పోటు: అపెండిక్సా, అండం విడుదలా?

"మాది హనుమకొండ. నాకు 26 ఏళ్లు, పెళ్లయి ఏడాది. పిల్లల కోసం చూస్తున్నాం. జూన్ 17న గ్యాస్ బండ జరుపుతుంటే పొత్తికడుపులో కుడివైపు సూదితో పొడిచినట్టు కలుక్కుమంది. సాయంత్రానికి తగ్గింది. జూలై 16న మళ్లీ అక్కడే. అత్తమ్మ వేడి చేసిందంటోంది. మా వీధి ఆర్ఎంపీ అపెండిక్స్ కావచ్చు, ఆపరేషన్ పడుతుందన్నాడు. పీరియడ్స్ జూన్ 3, జూలై 2, జూలై 31న వచ్చాయి. ఒకటే టెన్షన్‌గా ఉంది."

మీరు తేదీలు రాసిపెట్టుకోవడం చాలా మేలు చేసింది. క్యాలెండర్ ముందు పెట్టుకుని జూలై 2 నుంచి వెనక్కి 14 రోజులు లెక్కపెట్టండి, జూన్ 18 వస్తుంది. జూలై 31 నుంచి వెనక్కి లెక్కపెడితే జూలై 17. రెండుసార్లూ మీ నొప్పి సరిగ్గా ఒక రోజు ముందు వచ్చింది. కాబట్టి ఇది చాలావరకు అండం విడుదలయ్యేటప్పటి నొప్పే. గ్యాస్ బండ తప్పేమీ లేదు.

ముందుకు కాకుండా వెనక్కి ఎందుకు లెక్కపెట్టమన్నానంటే, అండం విడుదలయ్యాక పీరియడ్ రావడానికి పట్టే సమయం దాదాపు రెండు వారాలే. ఎక్కువ తక్కువలన్నీ దానికి ముందు రోజుల్లోనే ఉంటాయి. 35 రోజులకోసారి పీరియడ్ వచ్చేవాళ్లకు ఈ నొప్పి 21వ రోజు దగ్గర రావచ్చు. వాళ్లు "నెల మధ్య" అంటే 14వ రోజే అనుకుని, ఇది అది కాదేమోనని భయపడుతుంటారు.

అండాశయంలో నీటి బుడగలాంటి సంచి రెండు సెంటీమీటర్ల దాకా పెరిగి, పగిలి, అండం బయటికొస్తుంది. సంచి సాగినప్పుడు కొందరికి నొప్పి. పగిలాక కారే ద్రవం, కొద్దిపాటి రక్తం కడుపు లోపలి పొరకు తగిలితే మరికొందరికి నొప్పి. కొన్ని నిమిషాల నుంచి ఒకటి రెండు రోజుల వరకు ఉండి తనంతట తానే పోతుంది. ఆ రోజుల్లో గుడ్డులో తెల్లసొనలా సాగే తెల్లబట్ట కనిపిస్తే అది కూడా ఇదే సంగతి చెబుతుంది. ఎవరైనా అప్పుడే స్కానింగ్ చేయిస్తే రిపోర్టులో "రెండు సెంటీమీటర్ల సిస్ట్" అనో "కొంచెం ఫ్లూయిడ్" అనో రాసి ఉండొచ్చు. అది చూసి హడలిపోయి వచ్చినవాళ్లు నాకు తెలుసు. ఆ తేదీకి అది ఉండాల్సినదే.

అపెండిక్స్ నడక వేరు. సాధారణంగా బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగుతుంది. అన్నం సయించదు, వాంతి, జ్వరం రావచ్చు, అడుగు తీసి అడుగు వేస్తే పోటు. గంట గంటకూ పెరుగుతుందే తప్ప సాయంత్రానికి తగ్గిపోయి, నెల తర్వాత తేదీ చూసుకుని రాదు.

మీరు పిల్లల కోసం చూస్తున్నారు కాబట్టి రెండు మాటలు. పీరియడ్ తేదీ దాటాక ఒకవైపు నొప్పి, చుక్కలు చుక్కలుగా రక్తం కనిపిస్తే ఇంట్లో కూర్చోవద్దు. గర్భం ట్యూబులో నిలిచి ఉండొచ్చు. కళ్లు తిరగడం, భుజం కొసన నొప్పి తోడైతే లోపల రక్తం పోతున్నట్టే, 108కి ఫోన్ చేసి ఎంజీఎంకో దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికో వెళ్లాలి. ఉన్నట్టుండి తట్టుకోలేని పోటు, వాంతులు వచ్చినా అంతే. అండాశయం మెలిపడితే దానికి రక్తం అందదు, తెల్లారేదాకా ఆగకూడదు. రెండోది మాత్ర సంగతి. నొప్పి వస్తే వేడినీళ్ల కాపడం, పారాసిటమాల్ 500 చాలు. పీరియడ్స్ నొప్పికి వేసుకునే మెఫనమిక్ యాసిడ్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి ఆ రోజుల్లో వద్దు. అవి సంచి పగలడాన్ని ఆలస్యం చేయగలవు. అలాగే కలయికకు నొప్పి వచ్చేదాకా ఆగకండి. గర్భం నిలిచే అవకాశం అంతకుముందు ఐదు రోజుల నుంచే ఉంటుంది.

అత్తమ్మతో వాదన ఎందుకు? వేడి చేసిందంటే మజ్జిగ తాగండి, నష్టం లేదు. ఆర్ఎంపీ మాట మీద ఆపరేషన్ దాకా మాత్రం వెళ్లకండి. ఒకసారి గైనకాలజిస్టుకు ఈ తేదీలే చూపించండి. నొప్పి మూడు రోజులు దాటినా, నెలనెలా పెరుగుతున్నా, కలయికలో నొప్పి ఉన్నా, జ్వరంతో దుర్వాసన తెల్లబట్ట ఉన్నా ఆ వెళ్లడం వాయిదా వేయకండి.

ఈ లెక్కన తర్వాతి పోటు ఆగస్టు 15కు అటూ ఇటూ రావాలి. రాకపోయినా కంగారు లేదు, ప్రతి నెలా తెలియాలని లేదు. మళ్లీ కుడివైపే వచ్చినా వింత కాదు, అండాశయాలు వంతులు పాటించవు. ఒకవేళ ఎడమవైపు వస్తే ఆ ఆర్ఎంపీకి కూడా చెప్పండి: అపెండిక్స్ ఆ వైపుకు మారదు కదా.