ఒక్క లైను కొటేషన్, నాలుగు నెలల పని, చివరికి కార్డు అప్పు

ప్రశ్న: నేను గుంటూరులో ఇంటి నుంచే గ్రాఫిక్ డిజైన్ పని చేస్తాను. ఒక పచ్చళ్ల వ్యాపారికి లోగో, 6 రకాల లేబుళ్లు 24,000 రూపాయలకు చేస్తానని ఫోన్‌లో ఒప్పుకున్నాను. 12 రోజుల పని అనుకున్నాను. 11 సార్లు మార్పులు అడిగారు, ఒక్క సైజు కాస్తా మూడు సైజులయ్యాయి, నాలుగు నెలలు పట్టింది. 5,000 అడ్వాన్స్ తప్ప మిగతాది రాలేదు. ప్రింట్ ఫైళ్లు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. ఇంటి ఖర్చు నెలకు 28,000. అద్దె కోసం క్రెడిట్ కార్డు మీద 30,000 నగదు తీసి, మినిమం డ్యూ కడుతున్నాను. లక్షన్నర పర్సనల్ లోన్ తీసుకుని కార్డు తీర్చి, మిగతాది అత్యవసరాలకు ఉంచుకోవచ్చా? ఇకపై ప్రతి క్లయింటుకూ పనికొచ్చేలా కొటేషన్ ఎలా రాసుకోవాలి?

జవాబు: లోన్ వద్దు. అప్పు తెచ్చి పక్కన పెట్టుకున్న డబ్బు అత్యవసర నిధి కాదు. ఈఎంఐ ప్రతి నెలా ఒకే తేదీకి వస్తుంది, మీ ఆదాయం మాత్రం ఏ తేదీకి వస్తుందో మీకే తెలియదు. రెండు నెలలు క్లయింట్లు డబ్బు ఆలస్యం చేస్తే, ఆ పక్కన పెట్టినదే తీసి ఈఎంఐ కడతారు. ఏడాది తిరిగేసరికి నిధి ఉండదు, అప్పు మిగులుతుంది. ఇలాంటి ఉత్తరాలు నాకు నెలనెలా వస్తున్నాయి. అన్నిటిలోనూ తప్పు ఒకటే. పని ఒప్పుకున్నప్పుడు ధర ఒక్కటే మాట్లాడుకుంటారు, ఆ ధరకు ఎంత పని అన్నది మాట్లాడుకోరు. అందుకే మీ ఉత్తరానికి వివరంగా రాస్తున్నాను.

ముందు మీకు నిజంగా ఎంత గిట్టిందో చూడండి. 24,000కు 12 రోజులంటే రోజుకు 2,000. అదనంగా వచ్చిన 12 లేబుళ్లకు ఒక్కోదానికి పూట చొప్పున 6 రోజులు పోయాయనుకుందాం. రెండు సార్లు మార్పులు ఎలాగూ మీ లెక్కలో ఉంటాయి. మిగతా తొమ్మిదింటికి పూట చొప్పున నాలుగున్నర రోజులు. మొత్తం ఇరవై రెండున్నర రోజులు. అంటే రోజుకు 1,067 రూపాయలు. అది కూడా డబ్బు మొత్తం వస్తేనే.

ఇప్పుడు కార్డు వైపు చూడండి. కార్డు మీద నగదు తీస్తే వడ్డీ లేని రోజులంటూ ఉండవు, తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. నెలకు మూడున్నర శాతం అనుకుంటే 30,000కు 1,050, దాని మీద జీఎస్టీ 189. నెలకు 1,239 రూపాయలు. మీరు రోజంతా కూర్చుని సంపాదించిన దానికంటే ఎక్కువ ప్రతి నెలా వడ్డీకే పోతోంది. మినిమం డ్యూ కట్టడం అప్పు తీర్చడం కాదు, దయచేసి ఆ భ్రమలో ఉండకండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో 30,000 వరకే గోల్డ్ లోన్ తీసుకుని కార్డు బాకీ తీర్చేయొచ్చు. అది ఒక్కటే నేను ఒప్పుకునే అప్పు. లోన్ యాప్‌ల వైపు చూడనే వద్దు.

ఇక కొటేషన్. ఒక్క పేజీ చాలు. ఒకసారి రాసి పెట్టుకుంటే ప్రతి క్లయింటుకూ పేరు, తేదీ, అంకెలు మార్చుకుంటే సరిపోతుంది. మీ పచ్చళ్ల పనినే తీసుకుని రాసి చూపిస్తాను. మొదటి భాగం పని పరిధి:

"ఈ ధరలో వచ్చేవి: లోగో 1 (రెండు నమూనాలు చూపిస్తాను, ఒకటి ఎంచుకోవాలి). లేబుళ్లు 6, ఒక్కో రకానికి ఒకే సైజు, 500 గ్రాముల సీసాకు. ప్రింట్‌కు పీడీఎఫ్, ఫోన్‌లో పంపుకోవడానికి జేపీజీ. ఈ ధరలో రానివి: ఇతర సైజులు, ఫొటోలు తీయడం, అనువాదం, ప్రింటింగ్ ఖర్చు, సోషల్ మీడియా పోస్టులు. అదనపు సైజులో చేసే ఒక్కో లేబుల్‌కు 1,000 రూపాయలు."

'రానివి' అన్న వాక్యాన్ని చాలామంది మొహమాటపడి వదిలేస్తారు. మీ డబ్బును కాపాడేది అదే. "ఆరు లేబుళ్లు" అని మీరన్నప్పుడు ఆయన మనసులో ఆవకాయ, గోంగూర, మాగాయ లాంటి ఆరు రకాలున్నాయి. పావు కిలో, అర కిలో, కిలో సీసాలు ఆయనకు అందులోనే భాగం. ఆయన మోసం చేయలేదు, మీరు చెప్పలేదు. అదనపు సైజు ధర ముందే రాసి ఉంటే, ఆయన కిలో సీసా మానుకునేవారు, లేదా దానికి డబ్బిచ్చేవారు. ఏదైనా మీకు నష్టం లేదు.

రెండోది గడువు:

"అడ్వాన్స్, పూర్తి సమాచారం రెండూ చేరిన మర్నాటి నుంచి పని మొదలు. పూర్తి సమాచారం అంటే పచ్చళ్ల పేర్లు, పదార్థాల జాబితా, నికర బరువు, ఎంఆర్‌పీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, చిరునామా. మొదటి నమూనా 7 పనిదినాల్లో. ప్రతి నమూనా మీద మీ జవాబు 3 పనిదినాల్లో. జవాబు ఆలస్యమైతే అన్ని రోజులూ చివరి తేదీకి కలుస్తాయి. 10 రోజులు జవాబు లేకపోతే పని ఆగుతుంది, అప్పటికి పూర్తయిన దశ డబ్బు చెల్లించాలి, మళ్లీ మొదలుపెట్టే తేదీ అప్పుడు చెబుతాను."

గడువు అంటే మీరిచ్చే మాట ఒక్కటే కాదు, అవతలివాళ్లు ఇవ్వాల్సిన మాట కూడా. ఆహార లేబుల్ మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల 14 అంకెల నంబరు లేకుండా ప్రింట్‌కు పంపలేరు. ఆ నంబరు క్లయింటు చేతికే ఇంకా రాకపోతే మీరు ఎంత వేగంగా పనిచేసినా ప్రయోజనం లేదు. కాబట్టి "20 రోజుల్లో ఇస్తాను" అని క్యాలెండర్ తేదీ రాయకండి. సమాచారం చేరిన రోజు నుంచే లెక్క పెట్టండి. మీ నాలుగు నెలల్లో ఎన్ని రోజులు మీరు పనిచేశారో, ఎన్ని రోజులు వాళ్ల ఫోన్ కోసం ఎదురుచూశారో వాట్సాప్ తెరిచి ఒకసారి చూసుకోండి.

మూడోది మార్పులు:

"ఈ ధరలో 2 రౌండ్ల మార్పులు. ఒక రౌండ్ అంటే మార్పులన్నీ ఒకే మెసేజ్‌లో, శ్రీ ____ గారి నుంచే రావాలి. ఆపైన ఒక్కో రౌండ్‌కు 1,000 రూపాయలు. నా వల్ల జరిగిన తప్పులు దిద్దడం రౌండ్ కింద లెక్క కాదు. ఓకే చేసిన నమూనాను వదిలి కొత్తది అడిగితే కొత్త కొటేషన్. చివరి ప్రూఫ్ కాగితం మీద చూసి ఓకే చేయాలి. ఆ తర్వాత బయటపడే అక్షర దోషాల బాధ్యత క్లయింటుది."

'రెండు మార్పులు' అని మాత్రం రాయకండి. సోమవారం ఎరుపు మార్చమని, బుధవారం అక్షరాలు పెంచమని, శుక్రవారం వాళ్లబ్బాయి చూసి మొదటిదే బాగుందని చెబితే అవి ఒకటా, మూడా అన్నదగ్గరే గొడవ మొదలవుతుంది. ఒక మెసేజ్, ఒక మనిషి అన్న షరతు ఆ గొడవ రానివ్వదు. కాగితం మీద ప్రూఫ్ ఎందుకంటే, ఫోన్ తెర మీద మెరిసే ఎరుపు ప్రింట్‌లో అలా రాదు. ఫోన్‌లో చూసి ఓకే అన్నవాళ్లు సీసా మీద చూసి మళ్లీ మార్చమంటారు.

డబ్బు ఈ మూడింటికీ ముడిపడాలి. సగం అడ్వాన్స్, నమూనా ఓకే అయ్యాక 30 శాతం, మిగతా 20 శాతం ప్రింట్ ఫైళ్లు ఇచ్చే ముందు. మీ లెక్కలో 12,000, 7,200, 4,800. అదనపు సైజులు, రౌండ్లు చివరి బిల్లులో కలుస్తాయి. ఇదే షరతులతో మీ పని అంతా జరిగి ఉంటే సైజులకు 12,000, రౌండ్లకు 9,000 కలిపి బిల్లు 45,000 అయ్యేది. నిజానికి అంతదాకా రాదు, నాలుగో రౌండ్‌కే ఆగిపోయేవారు. కింద "ఈ ధర 15 రోజుల వరకే" అని, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ మాట కూడా రాయండి. పీడీఎఫ్ పంపి, "షరతులు అంగీకరిస్తున్నాను" అని వాట్సాప్‌లో జవాబు తీసుకోండి. ఐటీ చట్టం 2000 ప్రకారం ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిన ఒప్పందం కూడా చెల్లుతుంది. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, చేయించుకోండి. పెద్ద కంపెనీలు మీ బిల్లు చెల్లించకుండా 45 రోజులు దాటించినప్పుడు పనికొస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎంత బాగా రాసినా, చేతిలో నెల ఖర్చు లేనివాళ్ల దగ్గర ఈ కొటేషన్ నిలబడదు. అయిదో తేదీన అద్దె కట్టాలి, పర్సులో ఏమీ లేదు, అప్పుడు క్లయింటు "ప్రస్తుతానికి 5,000 తీసుకోండి" అంటే కాదనలేరు. పోయినసారి మీరు సగం అడగలేకపోయింది అందుకేనని నా అనుమానం. ముందు 28,000, అంటే ఒక నెల ఖర్చు, వేరే బ్యాంకు ఖాతాలో ఉండాలి. దానికి యూపీఐ తగిలించకండి. వచ్చే ప్రతి అడ్వాన్సులో పావు వంతు, 12,000 వస్తే 3,000, అదే రోజు అందులో వేయండి. కార్డు బాకీ తీరాక పావుకు బదులు సగం వేయండి. ఫ్రీలాన్సర్లకు ఆరు నెలల ఖర్చు ఉండాలన్నది నా లెక్క. మీకు 1,68,000. అది చేరేదాకా సిప్‌లు, షేర్లు పక్కన పెట్టండి. ఆరోగ్య బీమా లేకపోతే మాత్రం ఆగకుండా తీసుకోండి.

పాత బాకీ సంగతి. అదనపు పనికి ధర ముందు చెప్పలేదు కాబట్టి ఇప్పుడు అడగకండి. ఈ వారమే ఇలా రాయండి: "నమస్కారమండీ. లోగో, 18 లేబుళ్లు సిద్ధంగా ఉన్నాయి. అదనంగా చేసిన 12 సైజులకు ఈసారి ఛార్జ్ వేయడం లేదు. బాకీ 19,000 అందిన రోజే ప్రింట్ ఫైళ్లన్నీ పంపిస్తాను. ఇకపై మార్పులకు ఒక్కో రౌండ్‌కు 1,000 రూపాయలు." డబ్బు రాకముందు ఫైళ్లు మాత్రం పంపకండి, "ప్రింటర్ దగ్గర కూర్చున్నాం" అని ఫోన్ వచ్చినా సరే. 19,000 రాగానే 15,000 కార్డుకు కట్టండి. 4,000 ఆ వేరే ఖాతాలో వేయండి, ఎందుకంటే అక్కడ ఏమీ లేకపోతే వచ్చే నెల మళ్లీ కార్డే గీస్తారు.