ఇంట్లోనే నీట్ మాక్ పేపర్: అసలు పని తప్పు ఆప్షన్ల దగ్గరే

ప్రశ్న: మాది అనంతపురం. మా చెల్లెలు ఇంటి దగ్గరే ఉండి నీట్‌కు చదువుతోంది. బయట దొరికే మాక్ పేపర్లలో ఒకదానిలో 600 దాటుతుంది, ఇంకోదానిలో 350 వస్తుంది. నెగెటివ్ మార్కుల భయంతో చాలా ప్రశ్నలు వదిలేస్తోంది. అసలు పరీక్షలా ఉండే పేపర్ మేమే తయారు చేసుకోవచ్చా?

జవాబు:

తయారు చేసుకోవచ్చమ్మా. నేను కర్నూలులో ఇంటి దగ్గరే ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. ఏటా ఐదారు పేపర్లు సొంతంగా కూర్చుతుంటాను. మొదటి ఏడాది చేసిన పేపర్ మాత్రం ఎందుకూ పనికిరాలేదు. కష్టంగా ఉంటే అదే మంచి పేపర్ అనుకుని, దొరికిన కఠినమైన లెక్కలన్నీ అందులో పెట్టాను. పిల్లలందరూ అరవై, డెబ్బై ప్రశ్నలు వదిలేశారు. ఎవరికి ఏం రాదో తెలియలేదు, ఎవరు టైం ఎక్కడ పోగొట్టుకుంటున్నారో కూడా తెలియలేదు.

ముందు కొలతలు చూద్దాం. 2025 నుంచి నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1, వదిలేస్తే సున్నా. అంతకుముందు నాలుగేళ్లు 200 ప్రశ్నలిచ్చి 180 రాయమనేవారు, వాటిలో చివరి మూడేళ్లు సమయం కూడా 20 నిమిషాలు ఎక్కువ. పాత పేపర్‌ను అలాగే పెట్టి 180 నిమిషాలు ఇస్తే లెక్క తప్పుతుంది.

టైం ఒత్తిడి ప్రశ్నల కష్టం వల్ల రావాల్సిన పని లేదు, వాటి నిడివి వల్ల రావాలి. ఫిజిక్స్‌లో నేను అర నిమిషంలో అయిపోయేవి 15, నిమిషంపావు పట్టేవి 20, రెండున్నర నిమిషాలు తినేవి 10 పెడతాను. అన్నీ కలిపితే 57 నిమిషాల పైచిలుకు. కెమిస్ట్రీకి 43, బయాలజీకి 45 అనుకుంటే 145 అయింది. ఇక ఓఎంఆర్ షీట్‌లో ఒక్కో గడి దిద్దడానికి ఐదు సెకన్లు వేసుకున్నా 180కి పావుగంట. చివరికి మిగిలేది 20 నిమిషాలు. వదిలిన వాటికి మళ్లీ తిరిగి రావాల్సింది ఆ ఇరవైలోనే. జెరాక్స్ షాపులో ఓఎంఆర్ కాపీ తీయించి, నల్ల బాల్ పెన్నుతోనే దిద్దించండి. తెల్లకాగితం మీద ఏ, బీ, సీ అని రాయిస్తే ఆ పావుగంట ఊరికే మిగిలి, మార్కులు పెరిగినట్టు కనిపిస్తాయి.

ఇప్పుడు ఆప్షన్ల సంగతి. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నకు కళ్లు మూసుకుని జవాబు పెడితే, సగటున నాలుగింట్లో ఒకటి తగులుతుంది. వచ్చేవి 4, పోయేవి 3, అంటే ఒక మార్కు లాభమే. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే లాభం ఇంకా ఎక్కువ. మరి గుడ్డిగా పెట్టినా నష్టం లేనప్పుడు పిల్లలకు మార్కులు ఎందుకు పోతున్నాయి? వాళ్లు నిజంగా గుడ్డిగా పెట్టరు కాబట్టి. సగం తెలిసి పెడతారు. ఆ సగం తెలివి ఎటు లాగుతుందో తెలిసిన పేపర్ సెట్టర్ సరిగ్గా అక్కడే ఒక తప్పు జవాబు పెట్టి ఉంచుతాడు.

ఒక ఉదాహరణ. అనంతపురం నుంచి కర్నూలుకు బస్సు సగం దూరం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో, మిగతా సగం 60తో వెళ్లింది. సగటు వేగం ఎంత? జవాబు 48. నేను మొదట్లో మిగతా ఆప్షన్లుగా 100, 75, 24 పెట్టాను. సగటు 40కీ 60కీ మధ్యే ఉండాలని తెలిసిన పిల్ల లెక్క చేయకుండానే 48 దిద్దేస్తుంది. ఇలాంటి పేపర్‌లోనే మీ చెల్లెలికి 600 వచ్చి ఉంటుంది. ఇప్పుడైతే 48, 50, 52, 45 పెడతాను. రెండు వేగాలు కలిపి రెండుతో భాగించిన వాళ్లకు 50 వస్తుంది. నెమ్మదిగా వెళ్లినప్పుడే ఎక్కువ సేపు పట్టిందన్న సంగతి తిరగేసి పట్టుకున్న వాళ్లకు 52 వస్తుంది. 45 మాత్రం ఊరికే నింపింది. మూడు తప్పుల్లో రెండైనా ఇలా కారణంతో పుట్టాలి. ఇందుకు మీ చెల్లెలి పాత నోట్‌బుక్కులే మంచి గని. ఆమె చేసిన తప్పు జవాబులే ఆప్షన్లుగా పెట్టండి. పాత పేపర్ల ప్రశ్నలు వాడితే అంకెలు మార్చండి, లేకపోతే గుర్తుతో దిద్దేస్తుంది. కీలో 1, 2, 3, 4 ఒక్కొక్కటి నలభై అయిదు దరిదాపుల్లో వచ్చేలా చూడండి. నా మొదటి కీలో డెబ్బై దాకా 3 లే ఉన్నాయి. మావాళ్లు రెండో పేపర్‌కే కనిపెట్టేశారు!

పరీక్ష ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 5 వరకే పెట్టండి, అసలు పరీక్ష సమయం అదే. లోపలికి 1:30 దాకానే రానిస్తారు కాబట్టి తిండి ముందే అయిపోవాలి. మన ఎండల్లో భోజనం చేసి కూర్చుంటే మూడింటికి కళ్లు వాలతాయి. చేతి గడియారం తీయించి గోడ గడియారం పెట్టండి.

రాసేటప్పుడు ప్రశ్నపత్రం మీద ప్రతి ప్రశ్న పక్కన ఒక గుర్తు పెట్టమనండి. ఖాయంగా తెలిస్తే S, రెండు ఆప్షన్ల మధ్య ఊగితే D, గుడ్డిగా పెడితే G. తర్వాత ఎక్సెల్‌లో C వరుసలో ఈ గుర్తు, D వరుసలో ఒప్పయితే R, తప్పయితే W వేయండి. ఖాయం అనుకున్న వాటి నికర మార్కులు ఇలా వస్తాయి:

```
=4*COUNTIFS(C2:C181,"S",D2:D181,"R")-COUNTIFS(C2:C181,"S",D2:D181,"W")
```

S బదులు D, G పెట్టి మిగతా రెండూ చూడండి.

మా దగ్గర ఒకమ్మాయికి 447 వచ్చింది. 158 రాస్తే 121 ఒప్పు, 37 తప్పు, 22 వదిలేసింది. "గుడ్డిగా పెట్టి ముంచుకున్నాను సార్, ఇక ఏదీ ఊహించి పెట్టను" అని ఒకటే ఏడుపు. విడదీసి చూస్తే ఊహించిన 18లో 5 తగిలాయి. అంటే నికరంగా 7 మార్కులు వచ్చాయి, పోలేదు. రెండింటి మధ్య ఊగిన 30లో 17 ఒప్పు, 55 మార్కులు. అసలు దెబ్బ ఖాయం అనుకున్న 110లో 11 తప్పు కావడం. ఒక్కోదానికి రావాల్సిన 4 పోయి పైన 1 తగ్గింది కాబట్టి 55 మార్కులు అక్కడే పోయాయి. వాటిలో ఆరు బయాలజీలో "సరికానిది ఏది" అన్న మాట చూడకుండా దిద్దినవే. వదిలిన 22లో 14 ఫిజిక్స్ చివరి పేజీల్లోవి. మర్నాడు టైం చూసుకుంటూ చేయిస్తే తొమ్మిది చేసేసింది. అవి ఇంకో 36 మార్కులు.

అదే బ్యాచ్‌లో ఒక అబ్బాయి ఊహించిన 20లో రెండే తగిలాయి, నికరంగా మైనస్ 10. అతని సగం తెలివి ప్రతిసారీ ఎర మీదికే పోతోంది. అందుకే ఆమెను ఊహించి పెట్టమన్నాను, అతన్ని వదిలేయమన్నాను. ఒక్క పేపర్ చూసి మాత్రం ఇది తేల్చకండి. ఇరవై ప్రశ్నల్లో అదృష్టం పాలు ఎక్కువ. మూడు నాలుగు పేపర్ల G లెక్క కలపండి. ఐదింట ఒకటి కంటే ఎక్కువ తగులుతుంటే పెట్టవచ్చు, తక్కువైతే వదిలేయాలి. 4, మైనస్ 1 లెక్కలో లాభనష్టాలు సరిసమానమయ్యేది అక్కడే.