మూడు ట్యూబులు చాలు చిట్టీ

చిట్టీ,

నువ్వు పంపిన లిస్టు చూశాను. టోనర్, రెండు రకాల సీరమ్‌లు, కళ్ల కిందకి ఒకటి, రాత్రికి ఇంకొకటి. ఇప్పుడు నీకు కావాల్సినవి ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, ఈ మూడే. మిగతావన్నీ కార్ట్‌లోంచి తీసెయ్.

"నాది నార్మల్ స్కినే అనుకుంటా పిన్నీ" అన్నావు. అనుకోవడం దేనికి, ఈ ఆదివారం తేల్చేసుకో. ముఖం కడుక్కుని, మెత్తటి బట్టతో అద్దుకుని, గంటసేపు ఏమీ రాయకుండా ఉండు. ఆ తర్వాత బుగ్గలు బిగుసుకున్నట్టు అనిపించకుండా, ముక్కు మీద టిష్యూ అద్దినప్పుడు జిడ్డు మరక పడకుండా ఉంటే నార్మల్ చర్మమే.

పొద్దున లేవగానే ఫేస్‌వాష్ తప్పనిసరేం కాదు. రాత్రి బాగా కడుక్కుని పడుకుంటే పొద్దున చల్లటి నీళ్లు చాలు. చెమట పట్టి లేస్తే మాత్రం శనగగింజంత ఫేస్‌వాష్ వాడు. ఒంటి సబ్బు ముఖానికి వద్దు. మన చర్మం కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది, మామూలు సబ్బులు క్షారం. కడిగాక చర్మం లాగినట్టు ఉంటే బాగా శుభ్రపడిందని మురిసిపోతారు గానీ, చర్మానికి అవసరమైన నూనె కూడా పోయిందని దానర్థం. నీ ఫేస్‌వాష్ కూడా అలా లాగుతుంటే దాన్ని మార్చెయ్, నురగ తక్కువ వచ్చేది తీసుకో.

ముఖం ఇంకా కొంచెం తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయి. చర్మంలోని తడి ఆరిపోకుండా పట్టి ఉంచడమే దాని పని. ఎండాకాలంలో నీకు జెల్ లాంటిది సరిపోతుంది, చలికాలంలో క్రీమ్. ఖరీదుతో పని లేదు, సువాసన లేనిదైతే చాలు.

అసలు విషయం సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి, "బ్రాడ్ స్పెక్ట్రమ్" అని రాసి ఉండాలి. ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా చర్మాన్ని కమిలించే కిరణాల లెక్క. మచ్చలూ ముడతలూ తెచ్చే యూవీఏ కిరణాలు కిటికీ అద్దంలోంచి కూడా వస్తాయి. వాటిని ఆపడానికే ఆ రెండో మాట. అందుకే బస్సులో కిటికీ పక్కన కూర్చునే నీకు ఇది రోజూ కావాలి.

చాలామంది పొరపాటు చేసేది కొలత దగ్గరే. బఠాణీ గింజంత తీసి ముఖమంతా పులిమేస్తారు. ల్యాబులో ఎస్‌పీఎఫ్ కొలిచేది మందపాటి పూత మీద. పలచగా రాస్తే డబ్బా మీదున్న అంకెకు విలువే ఉండదు. చూపుడు వేలు, మధ్య వేలు చాపి, రెండింటి పొడవునా గీతలా పిండు. ముఖానికీ మెడకీ అదీ లెక్క. ఒకేసారి రాస్తే తెల్లగా తేలుతుంది కాబట్టి ముందు ఒక వేలిది, అది ఇంకాక రెండో వేలిది రాయి. చెవులు మర్చిపోకు. నువ్వు సరిగ్గా రాస్తున్నావో లేదో ట్యూబే చెబుతుంది. రోజుకో గ్రాము చొప్పున 50 గ్రాముల ట్యూబు నెలన్నర, మహా అయితే రెండు నెలలు రావాలి. నాలుగు నెలలు వస్తే నువ్వు సగమే రాస్తున్నట్టు. బయటికి వెళ్లే 15 నిమిషాల ముందు రాసుకో. ఎండలోనే ఉండాల్సి వస్తే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

రాత్రి పని చిన్నదే. సన్‌స్క్రీన్, దుమ్ము, చెమట పోయేలా ఫేస్‌వాష్‌తో నిమిషంపాటు మెల్లగా రుద్దు, జుట్టు మొదళ్ల దగ్గరా దవడ కిందా జిగురు మిగలకుండా చూసుకో. తర్వాత మాయిశ్చరైజర్ రాసుకుని పడుకో. సున్నిపిండి రోజూ ముఖానికి రుద్దకు, పండగ స్నానానికి చాలు. నిమ్మరసం మాత్రం అస్సలు వద్దు, దాంతో ఎండలోకి వెళ్తే చర్మం కాలి నల్లటి మచ్చలు పడతాయి.

మూడూ ఒకే రోజు మొదలుపెట్టకు. దద్దుర్లు వస్తే ఏది పడలేదో తెలియదు. ఒక్కోదాన్నీ ముందు మోచేతి మడతలో నాలుగైదు రోజులు రాసి చూడు, ఆ తర్వాతే ముఖానికి. వారానికొకటి చొప్పున చేర్చుకో.

ఇంకొకటి. హాస్టల్లో ఎవరో మందుల షాపు క్రీమ్ రాసుకుని వారంలో తెల్లబడ్డారన్నావు కదా, దాని జోలికి వెళ్లకు. అలాంటి వాటిలో చాలావరకు స్టెరాయిడ్ ఉంటుంది. మొదట్లో ముఖం నునుపుగా మెరుస్తుంది. నెలల తరబడి వాడితే చర్మం పలచబడి, ఎర్రటి సన్నని నరాలు తేలతాయి, మొటిమలు వస్తాయి. ఆపితే మంట. ట్యూబు వెనక బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్ అనే పేర్లలో ఏదైనా కనిపిస్తే అది డాక్టరు రాస్తేనే వాడాల్సిన మందు. ఆ అమ్మాయి ఇప్పటికే చాలా రోజులుగా వాడుతుంటే తనంతట తాను ఆపకుండా చర్మవైద్యుడికి చూపించుకోమను.

నువ్వు ఏది కొనేముందైనా వెనక వైపు ఫోటో తీసి నాకు పంపు.

మీ పిన్ని